ట్రెక్‌కి వచ్చేవాళ్లకు రాసే సామాన్ల ఉత్తరం: ఏది తప్పనిసరి, ఏది నిషేధం, ఏది ఇంట్లో వదలాలి

ప్రశ్న: "పద్దెనిమిది మందిని ఆరు రోజుల మంచు ట్రెక్‌కి తీసుకెళ్తున్నాను. నిర్వాహకుడిగా నాకు ఇదే మొదటిసారి. అన్నిటికన్నా ఎత్తైన క్యాంపు 3,800 మీటర్ల దగ్గర. ఏవి తప్పనిసరిగా తేవాలి, ఏవి తేకూడదు, ఏవి వదిలేసి రావాలి అని అందరికీ ఉత్తరం రాయాలి. నలభై వస్తువుల జాబితా తయారుచేశాను కానీ ఎవరూ సరిగ్గా చదవరేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా రాస్తే బాగుంటుంది?"

జవాబు:

మీ అనుమానం నిజమే, చదవరు. మొదటి రెండేళ్లు నేనూ అలాంటి జాబితాలే పంపాను. నలభై వస్తువులు వరసగా కనిపిస్తే చదివేవాళ్లకి రెయిన్ ప్యాంటు, టూత్‌పేస్టు రెండూ ఒకటే అనిపిస్తాయి. టూత్‌పేస్టు ఇంట్లో ఉంటుంది కాబట్టి వెంటనే బ్యాగులో పడుతుంది. రెయిన్ ప్యాంటు కొనాలి కాబట్టి రేపు చూద్దాంలే అనుకుంటారు. చివరికి నలభైలో ముప్పై ఆరు తెచ్చానని సంతోషంగా వచ్చేవాళ్ల దగ్గర లేని ఆ నాలుగే అసలైనవి అయ్యుంటాయి.

అందుకని ముందు మూడు మాటలకీ అర్థం తేల్చుకోండి. తప్పనిసరి అంటే, అది లేకపోతే బేస్ క్యాంపు నుంచి పైకి పంపం. నిషేధం అంటే, ఒకరు తెస్తే పక్కవాళ్ల ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి అక్కడే తీసి పక్కన పెడతాం. వదిలేసి రండి అంటే, ప్రమాదమేమీ లేదు, ఉత్త బరువు. ఉత్తరం మొదటి పేరాలోనే ఈ మూడింటికీ తేడా చెప్పేయండి. అలాగే టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, వంట సామాను మీరే ఇస్తున్నట్టయితే ఆ మాట కూడా అక్కడే రాయండి. లేదంటే కనీసం ముగ్గురు తమ సొంత స్లీపింగ్ బ్యాగు మోసుకొస్తారు.

నా ఉత్తరంలో తప్పనిసరి వస్తువులు తొమ్మిదే ఉంటాయి: బూట్లు, వాన జాకెట్-ప్యాంటు జత, చలి జాకెట్, రాత్రికి వేరే పొడి బట్టల జత, టోపీతో పాటు రెండు జతల గ్లవ్స్, చలువ కళ్లద్దాలు, హెడ్‌ల్యాంప్, మొత్తం రెండు లీటర్లు పట్టే నీళ్ల సీసాలు, ఎవరి మందులు వాళ్లవి. ప్రతిదాని కిందా అది ఎందుకో రెండు వాక్యాలు, దాన్ని ఇంట్లోనే ఎలా పరీక్షించుకోవాలో ఇంకో రెండు వాక్యాలు ఉంటాయి. చదివేవాళ్లకి కారణం తెలియకపోతే ఆ వస్తువు బదులు ఇంట్లో ఉన్న ఇంకేదో తెస్తారు.

ఉత్తరం బయల్దేరడానికి ఐదు వారాల ముందే వెళ్లాలి. వారం ముందు పంపితే బూట్ల విషయంలో ఎవరూ ఏమీ చేయలేరు. బూట్ల గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నన్ను బాగా ఇబ్బంది పెట్టింది అవే.

ఒకసారి మా బృందంలో ఒకాయన మంచి ట్రెక్కింగ్ బూట్లు వేసుకొచ్చారు. ఏడేళ్ల కిందట కొన్నారట, రెండుసార్లే వాడి అలమరలో దాచుకున్నారట. చూడ్డానికి కొత్తవాటిలా మెరుస్తున్నాయి, నేను కూడా మెచ్చుకున్నాను. రెండోరోజు మధ్యాహ్నం ఏటవాలు దిగుతుండగా కుడి బూటు అడుగు మడమ దగ్గర ఊడి నాలుకలా వేలాడింది. చేత్తో పట్టుకుని చూస్తే అడుక్కీ తోలుకీ మధ్య ఉండే మెత్తటి పొర పాత స్పంజిలా పొడిపొడిగా రాలిపోతోంది. అంటించడానికి అక్కడేమీ మిగల్లేదు. గంట తర్వాత ఎడమది కూడా ఊడింది. డక్ట్ టేపు చుట్టి, తాడు కట్టి, ఒక గైడ్‌ని తోడిచ్చి ఆయన్ని కిందికి పంపాను. మిగిలిన రోజులన్నీ ఒక గైడ్ తక్కువతో నడిచాం. నష్టం ఆయన ఒక్కడిదే కాదన్నమాట.

ఆ మధ్య పొరని చాలా బూట్లలో పాలీయురెథేన్‌తో చేస్తారు. గాలిలోని తేమ తగిలి అది ఏళ్ల తరబడి మెల్లగా విడిపోతుంది. వాడకుండా దాచినంత మాత్రాన అది ఆగదు. అందుకే నా ఉత్తరంలో ఇప్పుడు ఈ పేరా ఉంటుంది, కావాలంటే యథాతథంగా వాడుకోండి:

"మీ బూట్లు కొని నాలుగైదేళ్లు దాటితే, ఎంత కొత్తగా కనబడినా సరే, ఈరోజే బయటికి తీయండి. అడుగుకు పైన పక్కవైపు కనిపించే మెత్తటి పొరని బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. నొక్కిన గుంట తిరిగి పైకి లేవకపోయినా, పొడి రాలినా, జిగటగా తగిలినా ఆ బూట్లు పనికిరావు. తర్వాత బూటుని ముందువైపు మడిచి చూడండి, మడత దగ్గర పగుళ్లు కనిపించకూడదు. రెండు బూట్ల అడుగు భాగం, పక్క భాగం ఫోటోలు తీసి పది రోజుల్లోగా నాకు పంపండి."

ఆ ఫోటో మాట తీసేయకండి. పద్దెనిమిది మందిలో ఎవరు ఉత్తరం చదివారో, ఎవరు చదవలేదో పదకొండో రోజున మీకు తెలిసిపోతుంది. పంపనివాళ్లకి ఫోన్ చేస్తే చాలు.

కొత్తవి కొనేవాళ్లకి రాయాల్సింది తక్కువే. సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ట్రెక్‌లో వేసుకునే మందపాటి సాక్స్‌తోనే వేసి చూడాలి. లేసులు కట్టకుండా కాలిని ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి. అంత చోటు లేకపోతే దిగుడులో వేళ్లు ముందుకి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. ఆ తర్వాత మూడు నాలుగు వారాల్లో మొత్తం నలభై యాభై కిలోమీటర్లయినా వాటితో నడవాలి. పొక్కులు రావలసి ఉంటే ఇంటి దగ్గరే రానివ్వండి.

ఇక బట్టలు. "కాటన్ తేవద్దు" అని రాస్తే సగం మంది వినరు. మెత్తగా ఉంటుంది, ఒంటికి అలవాటు, ఎండాకాలమంతా అదే వేసుకుంటాం కదా అనుకుంటారు. వాదించకండి, ఒక పని చెప్పండి. ఒక కాటన్ టీషర్టు, ఒక పాలిస్టర్ టీషర్టు తీసుకుని రెండిటినీ నీళ్లలో ముంచి, బాగా పిండి, నీడలో పక్కపక్కన ఆరేయమనండి. రెండు గంటల తర్వాత చెంపకి ఆనించి చూడమనండి. పాలిస్టర్‌ది దాదాపు ఆరిపోయి ఉంటుంది, కాటన్‌ది ఇంకా చల్లగా బరువుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో వీపంతా తడిసి, పైన గాలిలో ఆగినప్పుడు ఒంటికి అంటుకుని ఉండేది ఆ చల్లని గుడ్డే. నీరు గాలికన్నా సుమారు ఇరవై ఐదు రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. చలి వాతావరణంలో ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడడానికి మంచే పడక్కర్లేదు. సున్నాకి పైన ఐదారు డిగ్రీలున్నా, తడి బట్ట, గాలి కలిస్తే చాలు. జీన్స్ అయితే మరీ ఘోరం, తడిస్తే మర్నాటికి కూడా ఆరవు.

వాన జాకెట్ దగ్గర మోసం చేసేది లేబుల్. "వాటర్ రెసిస్టెంట్" అని ఉన్నది చిరుజల్లుకి సరిపోతుంది, గంటసేపు వానకి ఆగదు. పరీక్ష ఒకటే: జాకెట్, ప్యాంటు వేసుకుని షవర్ కింద పది నిమిషాలు నిలబడాలి. భుజాల మీద, కుట్ల దగ్గర లోపల తడి తగిలిందంటే పైన కూడా అంతే. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. పాంచో సరిపోదా అని తప్పకుండా అడుగుతారు. అడవి దారిలో సరిపోతుంది. చెట్లు లేని ఎత్తులో గాలికి అది నెత్తిమీదికి లేస్తుంది, దిగేటప్పుడు పాదం ఎక్కడ పడుతోందో కనబడనివ్వదు. అందుకే నేను ఒప్పుకోను.

బ్యాగుకి కవరుంది కదా అని ఆగిపోవద్దని కూడా రాయండి. వాన నీరు వీపు వెంట జారి కవరు లేని వైపు నుంచి లోపలికి పోతుంది. బ్యాగు లోపలే ఒక పెద్ద మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, అన్నీ అందులో సర్ది మూతి మెలిపెట్టి మూయాలి. రాత్రి వేసుకునే పొడి జతని అందులోనే ఇంకో చిన్న సంచిలో పెట్టాలి. "ఈ జత వేసుకుని నడవడం ఎట్టి పరిస్థితిలోనూ ఉండదు" అని గట్టిగానే రాయండి. నాలుగోరోజు పొద్దున అన్నీ తడిగా ఉన్నప్పుడు ఆ పొడి జత వేసుకుని బయల్దేరాలనిపిస్తుంది. వేసుకుంటే ఆ రాత్రికి ఇంకేమీ మిగలదు.

కళ్లద్దాల గురించి ఒక్కమాట. కొత్తగా పడిన మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్లో ఎనభై శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. అద్దాలు లేకుండా నడిచినవాళ్లకి ఆ సమయంలో ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత, తరచుగా టెంట్లో పడుకున్నాక, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. మర్నాడు కళ్లు తెరవలేని మనిషిని నడిపించాలి. పక్కల నుంచి కూడా వెలుతురు రాకుండా మూసే అద్దాలు అడగండి. మబ్బుగా ఉన్నా తీయకూడదని చెప్పండి.

హెడ్‌ల్యాంప్ బదులు ఫోన్ లైటు ఒప్పుకోకండి. ఒక చెయ్యి దానికే పోతుంది, పైగా చలికి ఫోన్ బ్యాటరీ నలభై శాతం చూపిస్తూనే ఆరిపోగలదు. నీళ్లకి సీసాలే కావాలి. బ్యాగులో పెట్టుకునే నీళ్ల సంచుల గొట్టం పొద్దున్నే గడ్డకడుతుంది.

నిషేధం జాబితా చిన్నదిగా ఉంచండి, కానీ కారణాలు పూర్తిగా రాయండి. నా దాంట్లో మొదటిది మద్యం, నిద్రమాత్రలు. 3,800 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు. నిద్రలో ఊపిరి మామూలుగానే నెమ్మదిస్తుంది, అక్కడ ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. మద్యం, మత్తు కలిగించే మందులు ఆ ఊపిరిని మరింత అణుస్తాయి. రెండో కారణం నిర్వాహకుడిగా మీకు సంబంధించింది, దీన్ని ఎవరూ చెప్పరు. ఎత్తు పడకపోతే మొదట కనిపించేవి తలనొప్పి, వికారం, నీరసం. ముందురోజు తాగినవాళ్లకి ఉండేవీ అవే. పొద్దున ఆరింటికి ఒకరు టెంట్లోంచి తల పట్టుకుని బయటికి వస్తే, అది రాత్రి తాగినదాని వల్లా, దించేయాల్సిన జబ్బు వల్లా అన్నది మీకు తెలియదు. తెలియనప్పుడు జబ్బే అనుకుని దించాలి. ఈ మాట ఉత్తరంలో ఇలా రాయండి: "తాగినట్టు తెలిస్తే కోప్పడం. ఎత్తు పడనివాళ్లతో ఎలా చేస్తామో అలాగే మిమ్మల్ని కిందికి దించుతాం, ట్రెక్ అంతటితో అయిపోతుంది." ఉపన్యాసం కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

మందుల దగ్గర జాగ్రత్తగా రాయాలి. ఎవరైనా రోజూ నిద్రకో, ఆందోళనకో డాక్టర్ రాసిన మందు వాడుతుంటే, మీ ఉత్తరం చూసి భయపడి ఆపేయకూడదు. వాళ్లు ముందు తమ డాక్టర్‌తో మాట్లాడాలి, తర్వాత మీకు ఒంటరిగా చెప్పాలి. ఎత్తు కోసమని మాత్రలు కొని అందరికీ పంచే మనిషి ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. అసెటజోలమైడ్ లాంటివి డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి, పక్కవాళ్లకి ఇవ్వకూడదు. డెక్సామెథాసోన్ ఇంకా చిక్కు. అది తలనొప్పిని తగ్గిస్తుంది కానీ ఒంటిని ఎత్తుకి అలవాటు చేయదు. అది వేసుకున్నవాళ్లు బాగున్నామనుకుని ఇంకా పైకి వెళ్తారు, మందు ఆగాక ఒక్కసారిగా పడిపోవచ్చు. కాబట్టి ఏ మాత్ర వేసుకున్నా గైడ్‌కి చెప్పి వేసుకోవాలన్నదే నియమం.

రెండోది టెంట్లో మంట. స్టవ్, కొవ్వొత్తి, సిగరెట్, ఏదైనా సరే. టెంట్ బట్ట అంటుకుంటుందన్న భయం అందరికీ తెలుసు. తెలియనిది కార్బన్ మోనాక్సైడ్ గురించి. మూసిన టెంట్లో స్టవ్ వెలిగిస్తే అది పోగవుతుంది, రంగూ వాసనా ఉండదు, మళ్లీ అదే తలనొప్పి, అదే వికారం. ఎత్తు వల్లే అనుకుని అలాగే పడుకుంటారు. సొంత గ్యాస్ డబ్బాలు అసలు తేవద్దనండి. విమానంలో వాటిని ఎలాగూ ఎక్కనివ్వరు. పవర్ బ్యాంకులు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెడితే తీసేస్తారు. డ్రోన్లు, శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా చాలా చోట్ల చట్టవిరుద్ధం. ఎవరైనా తేవాలనుకుంటే ముందే మిమ్మల్ని అడగాలి.

వదిలేసి రావాల్సినవాటికి జాబితా కన్నా ఒక బ్యాగు కథ చెప్పడం మేలు. నేను ప్రతి ఉత్తరంలోనూ ఒక అమ్మాయి బ్యాగు లెక్క పేరు లేకుండా రాస్తాను, ఆమె అనుమతితోనే. తూకం వేస్తే పద్నాలుగున్నర కిలోలు. నేల మీద పట్టా పరిచి అన్నీ బయట పెట్టాం. రెండు జీన్స్, కిలో నాలుగు వందల గ్రాములు. రెండో జత బూట్లు, తొమ్మిది వందలు. పెద్ద టవల్, ఆరు వందలు. నిండు సీసాల షాంపూ, లోషన్, ఇంకా ఏవేవో కలిపి కిలో వంద. స్పీకర్ అర కిలో. పుస్తకం నాలుగు వందలు. అదనపు కాటన్ టీషర్టులు నాలుగు, ఏడు వందలు. రెండో పవర్ బ్యాంకు మూడు వందల యాభై. అన్నీ కలిపి ఆరు కిలోలకి కాస్త తక్కువ. అంతా తీసేశాక చూస్తే రెయిన్ ప్యాంటూ లేదు, రెండో జత గ్లవ్స్ కూడా లేవు. అంత బరువున్న బ్యాగులో అవసరమైనవే లేవు. మా దగ్గరున్నవి ఇచ్చాక మళ్లీ తూస్తే తొమ్మిది కిలోలు వచ్చింది. ఆమె చివరిదాకా హాయిగా నడిచింది.

ఇంట్లో తూచుకోవడానికి బ్యాగు వేసుకుని ఒకసారి, లేకుండా ఒకసారి బరువు చూసుకుని తీసేయమనండి. పది కిలోలు దాటితే ఆ సంఖ్య మీకు చెప్పాలి. ఏం తీయాలో ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

రెండు చిన్న విషయాలు జనానికి తట్టవు కాబట్టి రాయండి. ఉంగరాలు ఇంట్లోనే తీసి రావాలి. ఎత్తులో చేతులు ఉబ్బుతాయి, వేలికి బిగుసుకున్న ఉంగరాన్ని అక్కడ కోయడానికి మన దగ్గర ఏమీ ఉండదు. వెట్ వైప్స్ కూడా వద్దు. చాలావాటిలో ప్లాస్టిక్ పీచు ఉంటుంది, పాతిపెట్టినా ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. తెచ్చినవాళ్లు వాడినవన్నీ మూటగట్టి తిరిగి మోసుకెళ్లాలి అని రాస్తే చాలామంది మానేస్తారు.

ఇంత రాసినా బేస్ క్యాంపులో తనిఖీ తప్పదు. ఒక్కొక్కరిని పట్టా మీద బ్యాగు పూర్తిగా ఖాళీ చేయమని, తొమ్మిది వస్తువులూ చేత్తో ముట్టుకుని చూడండి. "ఉంది సార్, అడుగున ఉంది" అన్నది లెక్కలోకి రాదు. హెడ్‌ల్యాంప్ స్విచ్ నొక్కి చూడండి. నాకు మూడు అదనపు హెడ్‌ల్యాంపులు, రెండు జతల రెయిన్ ప్యాంట్లు, నాలుగు జతల గ్లవ్స్ వెంట తీసుకెళ్లడం అలవాటు. ఈ సంగతి మాత్రం ఉత్తరంలో రాయకండి, రాస్తే ఎవరూ ఏమీ తీసుకురారు. ఇవన్నీ ఉన్నా బూట్లకి మాత్రం ప్రత్యామ్నాయం లేదు. పనికిరాని బూట్లతో వచ్చినవాళ్లని ఆపే మాట నోటితో చెప్పడం చాలా కష్టం. ఐదు వారాల ముందే రాసి ఉంటే ఆ ఉత్తరం చూపించి ఆపొచ్చు.

ఆఖరున, ఇంట్లో వదిలి రావాల్సిన ఒక కాగితం గురించి. ఏ రోజు ఏ క్యాంపులో ఉంటారో, మీ కార్యాలయం నంబరు, తిరిగి సిగ్నల్ వచ్చే రోజు, సమయం అందులో ఉండాలి. "ఆరో రోజు రాత్రి ఎనిమిదింటిదాకా ఫోన్ రాకపోతే అది మామూలే. ఎనిమిది దాటాక ఈ నంబరుకి చేయండి" అని స్పష్టంగా రాసి ఇవ్వమనండి. ఒకసారి ఆ గడువు రాయలేదు. మూడోరోజు నుంచే ఒకరి అమ్మగారు మా ఆఫీసుకి గంటకోసారి ఫోన్ చేశారు. ఆవిడ తప్పేమీ లేదు, ఎప్పటిదాకా ఆగాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.